5,000 గొప్పా? 156 గొప్పా?

అమరావతి క్వాంటం వ్యాలీ వార్తలు మొదలైనప్పటి నుంచి 'క్యూబిట్' అనే మాట తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో చేసిన ప్రకటన ప్రకారం అక్కడ పెట్టదలచిన యంత్రంలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉంటుంది. కెనడాలో పుట్టిన డీ-వేవ్ కంపెనీ మాత్రం 5,000కు పైగా క్యూబిట్లున్న అడ్వాంటేజ్ యంత్రాన్ని 2020లోనే విడుదల చేసింది. అప్పుడే 5,000 సాధ్యమైతే ఇప్పుడు 156 కోసం ఇంత ప్రయత్నం ఎందుకని చదివినవారికి అనుమానం రావడం సహజం.

నిజానికి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండు యంత్రాల్లోనూ ఉన్నవి క్యూబిట్లే. వాటితో పని చేయించే పద్ధతే పూర్తిగా వేరు. ఐబీఎంది గేట్ల పద్ధతి, డీ-వేవ్‌ది ఎనీలింగ్ పద్ధతి. ఎనీలింగ్ యంత్రం జవాబు ఎలా పడుతుందో, ఎక్కడ తడబడుతుందో తెలిస్తే ఈ తేడా దానంతట అదే అర్థమవుతుంది. అందుకు పెద్ద లెక్క అక్కర్లేదు, మూడు మూటల లెక్క చాలు.

రెండు పద్ధతులు

గేట్ల కంప్యూటర్ అంచెలంచెలుగా నడుస్తుంది. ఒక క్యూబిట్ మీద ఒక చర్య, తర్వాత రెండు క్యూబిట్లను కలిపి ఇంకో చర్య, ఇలా ప్రోగ్రామ్ రాసినవారు చెప్పిన వరుసలో చర్యలు జరుగుతాయి. ఆ చర్యలనే గేట్లు అంటారు. కావలసిన గేట్లను కావలసిన వరుసలో పేర్చుకోవచ్చు కాబట్టి ఇది ఏ పనికైనా పనికొచ్చే యంత్రం. పెద్ద సంఖ్యల కారణాంకాలు కనిపెట్టడానికి పీటర్ షోర్ 1994లో చెప్పిన పద్ధతి దీని కోసమే పుట్టింది. ఇబ్బందల్లా ప్రతి గేటులోనూ చిన్న పొరపాటుకు అవకాశం ఉండటమే. గేట్లు పెరిగేకొద్దీ పొరపాట్లు కూడుతూ పోయి, చివరికి జవాబునే మింగేస్తాయి.

ఎనీలింగ్ యంత్రంలో గేట్ల వరుస ఉండదు. సమస్యనే ఒక శక్తి లెక్కగా మార్చి యంత్రానికి ఇస్తారు. మంచి జవాబుకు తక్కువ శక్తి, చెడ్డ జవాబుకు ఎక్కువ శక్తి ఉండేలా ఆ లెక్క రాస్తారు. ఒక వ్యవస్థ ఏ స్థితిలో ఉంటే దానికి ఎంత శక్తి ఉంటుందో చెప్పే ఇలాంటి సూత్రాన్ని భౌతికశాస్త్రంలో హామిల్టోనియన్ అంటారు. కనిష్ఠ శక్తి ఉన్న స్థితి ఏదో కనిపెడితే సమస్యకు జవాబు దొరికినట్టే. యంత్రం చేసే పని అదొక్కటే.

మూడు మూటలు, రెండు ఆటోలు

ఒక క్వింటా, రెండు క్వింటాళ్లు, మూడు క్వింటాళ్ల బరువున్న మూడు మూటలు ఉన్నాయనుకుందాం. వాటిని రెండు ట్రాలీ ఆటోల్లో సమానంగా సర్దాలి. మూడు క్వింటాళ్ల మూటను మొదటి ఆటోలో వేసేశాం. మిగతా రెండూ ఎటు వెయ్యాలన్నదే ప్రశ్న.

ఒక్కో మూటకు ఒక్కో క్యూబిట్ కేటాయిద్దాం. క్వింటా మూటది s₁, రెండు క్వింటాళ్ల మూటది s₂. విలువ +1 అయితే ఆ మూట మొదటి ఆటోలో, −1 అయితే రెండో ఆటోలో ఉన్నట్టు. అప్పుడు రెండు ఆటోల బరువుల తేడా 3 + s₁ + 2s₂ అవుతుంది. తేడా ఎటువైపు ఉన్నా తప్పే కాబట్టి దాన్ని వర్గం చేసి, అంకెలు చిన్నవిగా ఉండటానికి నాలుగుతో భాగిద్దాం. వచ్చినదే మన శక్తి లెక్క:

E = (3 + s₁ + 2s₂)² / 4

నాలుగు అవకాశాలూ చూద్దాం. రెండు మూటలూ రెండో ఆటోలో వేస్తే తేడా సున్నా, శక్తీ సున్నా. పెద్ద మూట మాత్రమే రెండో ఆటోలోకి వెళ్తే శక్తి 1. చిన్న మూట మాత్రమే వెళ్తే 4. రెండూ మొదటి ఆటోలోనే ఉండిపోతే 9. సున్నా ఉన్నదే సరైన సర్దుబాటు అని మనకు కంటిచూపుతోనే తెలిసిపోతుంది.

ఈ వర్గాన్ని విడదీస్తే ఒక స్థిర సంఖ్య పక్కన మూడు పదాలే మిగులుతాయి: 1.5 s₁ + 3 s₂ + s₁s₂. మొదటి రెండు పదాలూ ఒక్కో క్యూబిట్‌ను ఒకవైపు మొగ్గేలా చేసే ఒత్తిళ్లు. మూడోది రెండు క్యూబిట్ల మధ్య బంధం. ఎనీలింగ్ యంత్రానికి మనం ఇవ్వగలిగినవి ఇవే: ఒక్కో క్యూబిట్‌కు ఒక ఒత్తిడి, జతకు ఒక బంధం. రూట్లు వేయడం, షిఫ్టులు కేటాయించడం, పెట్టుబడి పంచడం వంటి సమస్యలు ఏవైనా సరే, ఈ రూపంలోకి మార్చాకే యంత్రంలోకి వెళ్తాయి.

మూటలు రెండే అయితే నాలుగు అవకాశాలు. మూటలు 50 అయితే 2⁵⁰ అవకాశాలు, అంటే 11 కోట్ల కోట్లకు పైమాట. ఒక్కొక్కటీ వేసి చూడటం కుదరదు.

తొణకకుండా మార్చడం

కనిష్ఠ శక్తి స్థితి ఏదో తెలియనప్పుడు యంత్రం అక్కడికి ఎలా చేరుతుంది? దీనికి ఆధారం మాక్స్ బోర్న్, వ్లదీమిర్ ఫాక్ 1928లో నిరూపించిన సిద్ధాంతం. ఒక క్వాంటం వ్యవస్థ కనిష్ఠ శక్తి స్థితిలో ఉన్నప్పుడు దాని హామిల్టోనియన్‌ను తగినంత నెమ్మదిగా మారిస్తే, మారుతున్న ప్రతి క్షణంలోనూ అది అప్పటి కనిష్ఠ శక్తి స్థితిలోనే కొనసాగుతుంది. నిండు బిందెను చంకన పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే నీళ్లు తొణకవు, పరుగెత్తితే ఒలుకుతాయి. ఇదీ అలాంటిదే.

ఈ సిద్ధాంతాన్ని సమస్యల పరిష్కారానికి వాడుకోవచ్చన్న ఆలోచన మెల్లగా రూపు దిద్దుకుంది. క్వాంటం ప్రభావం ఇలాంటి చిక్కు వ్యవస్థలకు దారి చూపవచ్చని 1989లో కోల్‌కతాకు చెందిన బికాస్ చక్రబర్తి, ఆయన సహచరులు సూచించారు. 1998లో జపాన్‌లో తదాషి కదొవాకి, హిదెతోషి నిషిమోరి దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. 2000లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫర్హి బృందం దీన్ని కంప్యూటింగ్ పద్ధతిగా ప్రతిపాదించింది.

కిటుకు ఏమిటంటే, కనిష్ఠ శక్తి స్థితి మనకు ముందే తెలిసిన ఒక సులువైన హామిల్టోనియన్‌తో మొదలుపెట్టడం. క్యూబిట్లన్నిటి మీదా అడ్డంగా బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నట్టు ఏర్పాటు చేస్తారు. అప్పుడు కనిష్ఠ శక్తి స్థితిలో ప్రతి క్యూబిట్ +1, −1 రెండింటిలోనూ సమానంగా ఉంటుంది. తర్వాత ఆ అడ్డు క్షేత్రాన్ని తగ్గిస్తూ, మన సమస్య లెక్కను పెంచుతూ పోతారు:

H(s) = (1 − s) × అడ్డు క్షేత్రం + s × సమస్య

ఇక్కడ s సున్నా నుంచి ఒకటి దాకా పెరుగుతుంది. మన మూటల లెక్కను ఇందులో పెట్టి చూద్దాం. అడ్డు క్షేత్రం బలాన్ని ఒక్కో క్యూబిట్‌కు 1గా తీసుకుంటే, మొదట్లో నాలుగు సర్దుబాట్లకూ తలా 25 శాతం అవకాశం ఉంటుంది. సగం దారికి వచ్చేసరికి సరైన సర్దుబాటుకు సుమారు 71 శాతం, శక్తి 1 ఉన్నదానికి 25 శాతం, శక్తి 4 ఉన్నదానికి 4 శాతం లోపు, శక్తి 9 ఉన్నదానికి అర శాతం అవకాశం ఉంటుంది. చివరికి అడ్డు క్షేత్రం పూర్తిగా పోయేసరికి సరైనదే నూరు శాతం అవుతుంది. ఏ దశలోనూ నాలుగింటినీ విడివిడిగా పరీక్షించిందెవరూ లేరు. హామిల్టోనియన్ మారింది, దానితోపాటు స్థితి మారింది, అంతే.

ఎంత నెమ్మదిగా?

'తగినంత నెమ్మది' అంటే ఎంత? దీనికి జవాబు కనిష్ఠ శక్తి స్థితికీ, దాని మీది స్థితికీ మధ్య ఉన్న శక్తి అంతరంలో ఉంది. మూటల లెక్కలో ఆ అంతరం మొదట్లో 2 ఉంటుంది. దారిలో తగ్గుతూ s విలువ 0.8 దగ్గర సుమారు 0.9కి చేరి, చివర్లో 1 అవుతుంది. ఎక్కడా పెద్దగా ఇరుకు లేదు. అందుకే ఈ లెక్కను వేగంగా లాగించేసినా ఫర్వాలేదు.

పెద్ద సమస్యల్లో అలా ఉండదు. దారిలో ఎక్కడో ఒకచోట రెండు స్థాయిలూ ఒకదానికొకటి బాగా దగ్గరకు వస్తాయి. అక్కడ కాస్త తొందరపడినా వ్యవస్థ పైస్థాయిలోకి ఎగిరిపోతుంది, చివరికి తప్పు జవాబు వస్తుంది. స్థూలంగా, పట్టే సమయం అంతరం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. అంతరం పదో వంతైతే సమయం వంద రెట్లు.

దీన్ని కళ్లకు కట్టే ఉదాహరణ ఒకటుంది. 2^20 పెట్టెలు, అంటే 10,48,576 పెట్టెలున్నాయి. ఒక్కదానిలోనే మనకు కావలసిన వస్తువు ఉంది, ఏదో చెప్పే గుర్తేమీ లేదు. ఈ సమస్యకు రాసిన హామిల్టోనియన్‌లో అంతరం మొదట్లో 1 ఉంటుంది. సరిగ్గా సగం దారిలో 1/1024కు పడిపోతుంది. దారంతా ఒకే వేగంతో నడిస్తే పట్టే సమయం 1024 వర్గానికి తగ్గట్టు ఉంటుంది, అంటే పది లక్షల స్థాయిలో. పెట్టెలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసినా దాదాపు అంతే కాబట్టి క్వాంటం వల్ల ఒరిగిందేమీ లేదు.

జెరెమీ రోలాండ్, నికొలాస్ సెర్ఫ్ 2002లో చూపించింది ఇక్కడే ఉపయోగపడుతుంది. ఇరుకు ఉన్నది మధ్యలోని చిన్న ముక్కలోనే. దారి మొత్తంలో అది వెయ్యికి ఒకటి రెండు వంతులు మించదు. కాబట్టి మిగతా దారిలో వేగంగా వెళ్లి, ఆ ముక్కలో మాత్రమే బాగా నెమ్మదించాలి. అలా చేస్తే సమయం పది లక్షల స్థాయి నుంచి వెయ్యి స్థాయికి దిగుతుంది. ఇదే సమస్యకు గేట్ల పద్ధతిలో లవ్ గ్రోవర్ 1996లో చెప్పిన ఉపాయంతో సుమారు 800 అంచెలు పడతాయి. రెండు పద్ధతులూ ఒకే చోటికి వచ్చి కలిశాయి.

అయితే ఈ ఉదాహరణలో ఇరుకు ఎక్కడుందో ముందే తెలుసు. నిజమైన సమస్యల్లో అది తెలియదు, కనుక్కోవడం కూడా ఎంతో కష్టం. పైగా కొన్ని రకాల కఠిన సమస్యల్లో మూటలు పెరిగేకొద్దీ అంతరం ఎన్నో రెట్లు కుంచించుకుపోతుందని విశ్లేషణలు చూపించాయి. అలాంటి చోట నెమ్మదిగా వెళ్లడం ఆచరణలో సాధ్యం కాదు. క్యూబిట్లు 5,000 ఉన్నా, 50,000 ఉన్నా ఆ ఇరుకు మాత్రం వెడల్పు కాదు.

అసలు యంత్రంలో జరిగేది

డీ-వేవ్ చిప్‌లోని క్యూబిట్లు అతివాహక లోహపు చిన్న వలయాలు. కరెంటు ఒకవైపు తిరిగితే +1, రెండోవైపు తిరిగితే −1. చిప్‌ను సుమారు 15 మిల్లీకెల్విన్ల దగ్గర ఉంచుతారు. అది పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు, అటూఇటూగా. ఒకసారి ఎనీలింగ్ చేయడానికి సాధారణంగా 20 మైక్రోసెకన్లు పెడతారు. వెయ్యిసార్లు చేసినా ఎనీలింగ్‌కు పట్టేది సెకనులో యాభయ్యో వంతు. ఆ వెయ్యి జవాబుల్లో అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్నదాన్ని ఏరుకుంటారు.

పుస్తకంలోని సిద్ధాంతానికీ ఈ చిప్‌కూ మధ్య మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది వేడి. 15 మిల్లీకెల్విన్లంటే ఎంతో చల్లన. కానీ దారిలోని అంతరం ఆ కొద్దిపాటి వేడి శక్తికన్నా చిన్నదైతే, ఎంత నెమ్మదిగా నడిచినా చుట్టూ ఉన్న వేడే వ్యవస్థను పైస్థాయికి ఎగదోస్తుంది. ఒక్కోసారి అదే వేడి పైస్థాయిలో ఉన్నదాన్ని కిందికీ దించుతుంది. కాబట్టి నిజమైన యంత్రంలో సమయం పెంచిన ప్రతిసారీ జవాబు బాగుపడుతుందని చెప్పలేం. అందుకే వాడేవారు ఎనీలింగ్ సమయాన్ని మార్చి చూస్తారు, మధ్యలో కాసేపు ఆపి చూస్తారు, ఏది నయమో ప్రయోగం చేసి తేల్చుకుంటారు.

రెండోది బంధాల కొరత. మూటల సమస్యలో ప్రతి మూటకూ ప్రతి మూటతోనూ బంధం కావాలి. అడ్వాంటేజ్ చిప్‌లో ఒక క్యూబిట్‌కు నేరుగా కలిసేవి 15 మాత్రమే. ఆ లోటు పూడ్చడానికి అనేక క్యూబిట్లను గొలుసుగా బిగించి ఒకే మూటకు ప్రతినిధిగా వాడతారు. ఫలితంగా 5,000కు పైగా క్యూబిట్లున్నా, అన్నిటికీ అన్నిటితో బంధం కావలసిన సమస్యలో ఇమిడే మూటలు 180 దాటవు. గొలుసులోని కొన్ని క్యూబిట్లు +1 అని, కొన్ని −1 అని చెబితే గొలుసు తెగినట్టు లెక్క. తెగిన గొలుసులు ఎక్కువగా వస్తున్నాయంటే సమస్యను చిప్‌లో సరిగా ఇమడ్చలేదని అర్థం.

మూడోది ఖచ్చితత్వం. బంధాల బలాన్ని ఒక పరిమితిలోపే ఇవ్వగలం, అదీ కొంచెం అటూఇటూగానే. మూటల బరువులు 1 నుంచి 100 దాకా ఉంటే, బంధాలు వాటి లబ్ధాలకు తగ్గట్టు ఉండాలి. అంటే అతి చిన్న బంధం అతి పెద్దదానిలో పది వేలో వంతు దాకా చిన్నది కావచ్చు. చిప్‌లోని స్వల్ప లోపాల కింద అది కనబడకుండా పోతుంది. అప్పుడు యంత్రం పరిష్కరించేది మనమిచ్చిన సమస్యను కాదు, దానికి దగ్గరగా ఉన్న మరో సమస్యను. తిరిగి వచ్చిన ప్రతి జవాబునూ మామూలు కంప్యూటర్‌లో అసలు సూత్రంలో పెట్టి శక్తి లెక్కగట్టి చూడటం ఇందుకే తప్పనిసరి. మూటల సమస్యలో సున్నా వస్తే జవాబు దొరికినట్టు ఖాయం. చాలా సమస్యల్లో కనిష్ఠం ఎంతో ముందుగా తెలియదు కాబట్టి, దొరికినది మంచి జవాబని చెప్పగలమే తప్ప అదే అత్యుత్తమమని చెప్పలేం.

రెండు దారులూ కలిసే చోటు

సిద్ధాంతం వరకు చూస్తే ఈ పద్ధతుల మధ్య గోడ లేదు. హామిల్టోనియన్‌ను నెమ్మదిగా మార్చే పద్ధతితో గేట్ల కంప్యూటర్ చేసే ప్రతి పనినీ చేయవచ్చని, అదనంగా పట్టే సమయం కూడా హద్దులోనే ఉంటుందని 2004లో దోరిత్ అహరొనోవ్, ఆమె సహచరులు నిరూపించారు. కానీ అందుకు ఒత్తిళ్లు, జత బంధాలు, అడ్డు క్షేత్రం సరిపోవు. ఇంకా క్లిష్టమైన బంధాలు కావాలి. నేటి ఎనీలింగ్ యంత్రాలు ఆ స్థాయి పని కోసం కట్టినవి కావు. షోర్ పద్ధతి వాటిలో నడవకపోవడానికి కారణం ఇదే.

అటునుంచి ఇటు రావడం తేలిక. నెమ్మదైన మార్పును చిన్నచిన్న ముక్కలుగా కోసి, కాసేపు సమస్య హామిల్టోనియన్‌నూ కాసేపు అడ్డు క్షేత్రాన్నీ మార్చి మార్చి వర్తింపజేస్తే గేట్ల యంత్రమే ఎనీలింగ్‌ను అనుకరిస్తుంది. ఫర్హి, గోల్డ్‌స్టోన్, గట్‌మన్ 2014లో ప్రతిపాదించిన క్యూఏఓఏ అనే పద్ధతి ఈ ఆలోచన నుంచి వచ్చిందే. అందులో ఏ ముక్కను ఎంతసేపు ఉంచాలో మనమే సవరించుకోవచ్చు. ముక్కలు ఎక్కువైతే అనుకరణ మెరుగవుతుంది, గేట్ల పొరపాట్లూ పెరుగుతాయి. అమరావతికి ప్రకటించిన 156 క్యూబిట్ల రకం యంత్రం మీద మూటల సమస్యను ఇలాగే నడపాలి.

ఎవరు గెలిచారు?

ఎనీలింగ్ యంత్రం మామూలు కంప్యూటర్‌ను మించిందా అన్నదానిపై జాగ్రత్తగా చేసిన పరీక్ష ఒకటి 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. 503 క్యూబిట్ల డీ-వేవ్ టూ యంత్రాన్ని మామూలు కంప్యూటర్ మీది మంచి పద్ధతులతో పోల్చారు. సమస్య పరిమాణం పెరిగేకొద్దీ సమయం ఎలా పెరుగుతోందన్నదే కొలబద్ద. క్వాంటం వల్ల వేగం పెరిగిందనడానికి ఆ సమస్యల్లో ఆధారం దొరకలేదు. 2025లో డీ-వేవ్ శాస్త్రవేత్తలు అదే పత్రికలో మామూలు కంప్యూటర్లకు అందని లెక్క చేశామని ప్రకటించారు. అది అయస్కాంత పదార్థాల ప్రవర్తనను అనుకరించే లెక్క, రూట్లు వేసే సమస్య కాదు. అందులోనూ కొంత భాగాన్ని మామూలు కంప్యూటర్ల మీదే చేయగలమని ఇతర బృందాలు వాదిస్తున్నాయి.

కాబట్టి లారీల రూట్లు, షిఫ్టుల పట్టికలు వంటి నిత్య సమస్యల్లో ఎనీలింగ్ యంత్రం అత్యుత్తమ మామూలు పద్ధతులను స్పష్టంగా ఓడించిందని ఇప్పటికి ఎవరూ అందరూ ఒప్పుకునేలా నిరూపించలేదు. గేట్ల యంత్రాలు కూడా ఈ విషయంలో ఆ మెట్టు ఎక్కలేదు. మంచి జవాబులను వేగంగా ఇచ్చే పనిముట్టుగా ఎనీలింగ్ పనికొస్తుంది. కొన్ని సంస్థలు మామూలు కంప్యూటర్‌తో జతచేసి దాన్ని వాడుతున్నాయి.

రేపు ఎవరైనా ఇన్ని వేల క్యూబిట్లని చెబితే ఆ అంకె దగ్గర ఆగిపోవద్దు. అది గేట్ల యంత్రమా, ఎనీలింగ్ యంత్రమా అని అడగండి. ఒక్కో క్యూబిట్‌కు ఎన్ని బంధాలున్నాయో, మీ సమస్యలో ఎంత భాగం నిజంగా అందులో ఇముడుతుందో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, దాన్ని ఏ మామూలు పద్ధతితో పోల్చారో, సమస్యను చిప్‌లో ఇమడ్చడానికి పట్టిన సమయాన్ని ఆ లెక్కలో కలిపారో లేదో అడగండి. వీటికి సూటిగా జవాబు చెప్పగలిగినవారి మాటే నమ్మదగినది.